ఆవకాయ వీడియో కింద తిట్లు చదవలేక చస్తున్నాను, కామెంట్లు మూసేయనా?

గోదారి_గిన్నె
మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. యూట్యూబులో వంటల ఛానల్ పెట్టి మూడేళ్లయింది, 23 వేల మంది ఉన్నారు. ఇన్నాళ్లూ వీడియోకి ముప్ఫై నలభై కామెంట్లు వచ్చేవి, అన్నింటికీ జవాబు ఇచ్చేదాన్ని. మొన్న ఏప్రిల్‌లో పెట్టిన ఆవకాయ వీడియో ఎందుకో ఎక్కడెక్కడికో వెళ్లిపోయింది. 1,400 దాటాయి కామెంట్లు.

సంతోషపడాలి కదా. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నాను. "అంత నూనా, ఆసుపత్రి వాళ్లతో ఒప్పందమా" అని ఒకరు. నా యాస మీద ఒకరు. నా ఒళ్లు మీద ఒకరు, అది ఇక్కడ రాయను. ఒకడికి గట్టిగా జవాబిస్తే వాడు ఇంకో నలుగురిని వెంటేసుకొచ్చాడు. కొన్ని డిలీట్ చేస్తే "నిజం చెప్తే తీసేస్తుంది" అని మళ్లీ అదో గొడవ. మా ఆయన "కామెంట్లు ఆపేసి వంట చేసుకో" అంటున్నారు. మూసేస్తే మంచిగా మాట్లాడేవాళ్లు కూడా పోతారని భయం. ఇంత మందిని ఎలా చూసుకుంటారండీ మీరంతా?

చిన్నోడు_99
ముందు ఆ వీడియో లింక్ పెట్టండి. నూనె సంగతి మేం తేలుస్తాం

అటక_మీద_పిల్లి
మూసేయండి. నేను మూసేసి రెండేళ్లయింది. నిద్ర పడుతోంది.

సిద్దిపేట_శీను
అక్కా మూయకు. కామెంట్ ఏదైనా కామెంటే. తిట్టినా సరే, ఎన్ని ఎక్కువ పడితే అంత మందికి చూపిస్తడు యూట్యూబోడు. ప్రతి ఒక్కదానికి రిప్లై ఇయ్యాలె, ఒక్కటి కూడా డిలీట్ చేయొద్దు, చేస్తే రీచ్ పడిపోతది. మరీ ఎక్కువ చేసిన వాళ్ల మీద 66ఏ సెక్షన్ కింద కేసు పెట్టు, 1930కి ఫోన్ కొడితే అయిపోతది.

డల్లాస్_పిన్ని
మా తెలుగు వాట్సాప్ గ్రూపులోనూ ఇదే బాధ అమ్మా. ఉగాది పచ్చడి ఎవరు తేవాలన్న దగ్గర మొదలై రెండు వర్గాలయ్యాయి. నేనేం చేశానంటే అడ్మిన్లు తప్ప ఎవరూ మెసేజ్ పెట్టకుండా సెట్టింగ్ మార్చేశాను. మూడు రోజుల్లో అందరూ చల్లబడ్డారు. నువ్వూ అలా చెయ్యి.

చిన్నోడు_99
పిన్నీ, ఆవిడది యూట్యూబు. అక్కడ అడ్మిన్ ఒక్కరే మాట్లాడితే దాన్ని టీవీ అంటారు

పాత_రేడియో
జగిత్యాల వైపు ఒక వ్యవసాయ ఛానల్‌కి ఆరేళ్లుగా కామెంట్లు చూసే పని నాది. రైతులు తిడితే ఎట్లుంటదో మీకు చెప్పక్కర్లేదు. విత్తనం మొలవకపోతే మాకే తిట్లు.

శీను చెప్పింది సగం నిజం. కామెంట్లు బాగా పడే వీడియో జనంలోకి వెళ్తుందన్న మాట కొట్టిపారేయలేను. కానీ బూతు డిలీట్ చేస్తే రీచ్ పడిపోవడం ఆరేళ్లలో నేను ఒక్కసారీ చూడలేదు. ప్రతి దానికీ రిప్లై ఇవ్వాలన్న మాటే ఈమెను ఒంటిగంట దాకా కూర్చోబెట్టింది.

గిన్నె గారూ, మూయాలా వద్దా అన్నది తర్వాత. ముందు ఒక పని చేయండి. ఫోన్‌లో కాదు, కంప్యూటర్‌లో YouTube Studio తెరిచి ఆ ఒక్క వీడియో కామెంట్లు ఓ రెండు వందలు తీసుకోండి. పక్కన కాగితం పెట్టుకుని గీతలు గీయండి: మెచ్చుకున్నవి, ఏదో అడిగినవి, వంట గురించి ఫిర్యాదు, మీ గురించి కూతలు, లింకుల చెత్త. అప్పటిదాకా ఎవరికీ జవాబివ్వకండి. రేపు అంకెలు ఇక్కడ పెట్టండి.

అటక_మీద_పిల్లి
తిట్లు లెక్కపెట్టమనే సలహా ఇప్పుడే వింటున్నాను.

ప్లీడరు_గుమాస్తా
శీను గారూ, ఐటీ చట్టంలోని 66ఏ ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. ఇంకా దాని కింద కేసులంటూ తిరుగుతున్నారు జనం. 1930 కూడా డబ్బు పోయిన సైబర్ మోసాలకు పెట్టిన నంబరు.

కామెంట్ నచ్చకపోవడం నేరం కాదు. కానీ ఆడవాళ్ల ఒంటి గురించి అసభ్యంగా రాయడం, వద్దన్నా వెంటపడి రాయడం వేరు. భారతీయ న్యాయ సంహితలో వాటికి 79, 78 సెక్షన్లు ఉన్నాయి. cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టొచ్చు, దగ్గర్లోని స్టేషన్‌లో కూడా ఇవ్వొచ్చు. ఒక్క మాట: మీరు డిలీట్ చేశాక నా దగ్గరికొచ్చి "చాలా ఘోరంగా రాశాడండీ" అంటే నేను చేసేదేమీ లేదు. తీసేసే ముందు స్క్రీన్‌షాట్ తీయండి. కామెంట్, అది రాసిన ఖాతా పేరు, తేదీ కనిపించాలి. ఆ ఖాతా పేజీ లింక్ కూడా విడిగా రాసి పెట్టుకోండి. వాడు రేపు పేరు మార్చేస్తాడు.

సిద్దిపేట_శీను
66ఏ పోయిందా! మా దోస్తు మొన్న కూడా అదే చెప్పి ఒకడిని బెదిరించిండు

చిన్నోడు_99
వాడు బెదిరాడా లేదా అది చెప్పు

సిద్దిపేట_శీను
బెదిరిండు

మౌనిక_టీచర్
నాది పదో తరగతి లెక్కల ఛానల్. తిట్లకి నా మందు హాస్యం. "మేడం మీ గొంతు వింటే నిద్రొస్తోంది" అని ఒకడు రాస్తే "త్రికోణమితి అయ్యాక పడుకో నాన్నా, కల్లో సైన్ తీటా వస్తుంది" అన్నాను. దానికి మూడొందల లైకులు. ఆ పిల్లాడు ఇప్పటికీ వస్తాడు. గిన్నె గారు కూడా సీరియస్‌గా తీసుకోకుండా నవ్వించేస్తే సరిపోతుంది.

గోదారి_గిన్నె
మౌనిక గారూ, గొంతు గురించి అంటే నవ్వగలనేమో. వాళ్లు రాసినదానికి నవ్వితే మా అత్తగారు చూసినా నాకు తల కొట్టేసినట్టుంటుంది.

పాత_రేడియో
అదీ తేడా. టీచర్ గారిని అన్నది పిల్లాడు, వాడికి పాఠం కావాలి, మళ్లీ వస్తాడు. ఒంటి మీద కూసేవాడు మళ్లీ రావడానికి కారణం మన జవాబే. చమత్కారంగా ఇచ్చినా సరే, వాడికి దొరికింది దొరికినట్టే.

మౌనిక_టీచర్
ఒప్పుకోను. మౌనంగా ఉంటే భయపడ్డామనుకుంటారు. మిగతా ఆడపిల్లలు చూస్తుంటారు కదా.

పాత_రేడియో
మౌనంగా ఉండమనట్లేదు, Hide user from channel నొక్కమంటున్నాను. కామెంట్ పక్కన మూడు చుక్కల్లో ఉంటుంది. డిలీట్ చేస్తే వాడికి తెలిసి మళ్లీ రాస్తాడు. హైడ్ చేస్తే వాడికేమీ సమాచారం వెళ్లదు. రాస్తూనే ఉంటాడు, అవి ఎవరికీ కనిపించవు. గోడతో మాట్లాడుతున్నాడని వాడికి తెలియడానికి నెల పడుతుంది. పొరపాటున ఎవరినైనా పెట్టేస్తే సెట్టింగుల్లోకి వెళ్లి మళ్లీ తీసేయొచ్చు.

అటక_మీద_పిల్లి
ఇంకో ఖాతా తెరుచుకుని వస్తాడు.

పాత_రేడియో
కొందరు వస్తారు, నిజమే. దానికి పూర్తి మందు లేదు.

గోదారి_గిన్నె
రాత్రి కూర్చుని లెక్క వేశాను. మొత్తం 212 చూశాను. మెచ్చుకున్నవి 131. ఏదో అడిగినవి 46. వంట మీద ఫిర్యాదులు 19. నా మీద, నా యాస మీద 9. "మీరు బహుమతి గెలిచారు, టెలిగ్రామ్‌కి రండి" లాంటివి 7. వాటిలో మూడు నా ఫొటోనే పెట్టుకుని నా పేరుతో రాసినవి!

నాకు సగానికి సగం తిట్లే ఉన్నట్టుండేది. తొమ్మిదేనా అని రెండోసారి లెక్కపెట్టాను. ఇంకో సిగ్గుపడే విషయం, ఆ 46 ప్రశ్నల్లో నేను జవాబిచ్చింది ఆరింటికి. ఆ తొమ్మిది మందితో మాత్రం ముప్ఫై రిప్లైల దాకా నడిపాను.

పాత_రేడియో
ముందు ఆ ఏడింటి సంగతి చూడండి, మీ పేరుతో మీ వాళ్ల డబ్బు పోతుంది. రిపోర్ట్ కొట్టి హైడ్ చేయండి. సెట్టింగుల్లో లింకులున్న కామెంట్లను ఆపే గడి ఉంటుంది, అది టిక్ పెట్టండి.

తొమ్మిదింటికి స్క్రీన్‌షాట్, తర్వాత హైడ్. జవాబు వద్దు. యాస మీద రాసినవి మాత్రం ఆలోచించుకోండి. "మా గోదారోళ్ల మాట వింటుంటే భలే ఉంది" అనేదీ యాస మీదే, వెటకారమూ యాస మీదే. అది మీకే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ 19 ఫిర్యాదుల్లో ఏముంది?

గోదారి_గిన్నె
నూనె ఎక్కువ అని ఎనిమిది. వెల్లుల్లి వేస్తే అది ఆవకాయే కాదని నాలుగు. మిగతా ఏడు... పచ్చడి బూజు పట్టిందని. "నీ వీడియో నమ్మి నాలుగు కిలోల కాయలు పారబోశాను, ఇంట్లో అందరూ తిట్టారు" అని ఒకావిడ. "రాని పని ఎందుకు" అని ఒకాయన. నేను ఇలాంటివాళ్లని కూడా తిట్టేవాళ్లలోనే కలిపేసి అంతకుముందే ఇంకో రెండు తీసేశాను. ఇరవై ఏళ్లుగా పెడుతున్నానండీ ఆవకాయ, నాకు బూజు రాదు. వాళ్లే తడి చెయ్యి పెట్టుంటారు.

డల్లాస్_పిన్ని
తడి చెయ్యే. మా కోడలికీ అంతే.

పాత_రేడియో
ఒకరైతే తడి చెయ్యి. ఏడుగురూనా? మా దగ్గర "మందు కొడితే ఆకు మాడింది" అని ఒక రైతు బూతులు తిడితే పోనీ అనుకున్నాం. నాలుగో రైతు తిట్టాక వీడియో మళ్లీ చూసుకుంటే ట్యాంకుకి అని చెప్పాల్సిన చోట లీటరుకి అన్నాం. నాలుగు రోజులు ఆలస్యం చేశాం. ఆ మొదటాయన బూతులు కూడా రైటే అనిపించింది అప్పుడు.

ఆ ఏడుగురికీ ఒక్కటే అడగండి, సంజాయిషీ వద్దు: ఏ ఉప్పు వాడారు, ఎన్నో రోజున కనిపించింది? తీసేసిన రెండూ అయితే పోయాయి. ఇకమీద అనుమానంగా ఉన్నవాటిని వెంటనే తీసేయకండి. Held for review లోకి పోయినవి 60 రోజుల దాకా ఉంటాయి, కోపం తగ్గాక చూడొచ్చు.

చిన్నోడు_99
ఉప్పు మీదే ఎందుకు పడ్డారు పాత రేడియో గారూ, మీ ఇంట్లో కూడా బూజా

పాత_రేడియో
మా అమ్మ తొంభై శాతం గొడవలు ఉప్పు దగ్గరే అనేది.

గోదారి_గిన్నె
నాలుగు రోజుల తర్వాత వస్తున్నాను. ఏడుగురిలో ఐదుగురు జవాబిచ్చారు. "రాని పని ఎందుకు" అన్నాయన కూడా. ఆయన పేరాగ్రాఫు రాశారు, మెతగ్గా. ఐదుగురిలో నలుగురు గళ్లుప్పు గళ్లగానే వేశారు, దంచలేదు! పదో రోజుకి ముక్క మెత్తబడి పైన తెల్లగా వచ్చిందట.

వీడియోలో నేను "నాలుగు కప్పుల ముక్కలకి ముప్పాతిక కప్పు ఉప్పు" అన్నాను. నా చేతిలో ఉన్నది ఎండబెట్టి దంచిన ఉప్పు. ఆ మాట నోటితో అనలేదు, మా ఇంట్లో ఉప్పంటే దంచిందే కాబట్టి. అదే కప్పుతో రెండూ తూకం వేశాను. దంచింది 270 గ్రాములు తూగింది, గళ్లు 215. గళ్ల మధ్య అంతా గాలే కదా. ఐదో వంతు ఉప్పు తగ్గిపోయింది వాళ్లకి. నూనె ఎక్కువైందన్న మాటలు విని ఇద్దరు నూనె కూడా తగ్గించారట, మూడో రోజు తిరగ కలిపినప్పుడు ముక్క మీదికి తేలనే లేదు.

నాకు చేతులు వణికాయండీ. నాలుగు కిలోలు పారబోసినావిడకి ఏమని రాయను?

మౌనిక_టీచర్
"తప్పు నాదే" అని రాయండి, చాలు. మిగతాదంతా దాని తర్వాతే. నేను ఒకసారి బోర్డు మీద గుర్తు తప్పు వేసి, పిల్లలు చెప్తే "చూశారా, మీరు గమనిస్తున్నారో లేదో పరీక్షించాను" అన్నాను. ఎవడూ నమ్మలేదు.

పాత_రేడియో
ఆవిడకి ఆవిడ కామెంట్ కిందే రాయండి. అందరి కోసం మీ ఖాతాతో ఒక కామెంట్ రాసి పిన్ చేయండి, వీడియోకి ఒక్కటే పిన్ అవుతుంది కాబట్టి ఉప్పు సంగతే దానికి ఇవ్వండి. మొదటి వాక్యంలోనే గ్రాములు రావాలి, జనం రెండో వాక్యం చదవరు. కింద ఫలానా వాళ్లు చెప్తే తెలిసింది అని ఆ ఐదుగురి పేర్లు రాయండి. వివరణలో కూడా పెట్టండి.

గోదారి_గిన్నె
ఇలా పెట్టాను:

"దంచిన ఉప్పు అయితే నాలుగు కప్పుల ముక్కలకి 200 గ్రాములు, గళ్లుప్పు అయినా తూకం వేసి అంతే వేయండి. వీడియోలో కప్పు లెక్క చెప్పి ఏ ఉప్పో చెప్పలేదు, ఆ తప్పు నాది. బూజు పట్టిందని చెప్పి, నేను అడిగితే ఓపిగ్గా జవాబిచ్చిన ఐదుగురి వల్ల ఇది తెలిసింది."

పేర్లు కింద రాశాను. నాలుగు కిలోలావిడ "పర్లేదు, వచ్చే ఏడు చూద్దాం" అంది. ఆ "చూద్దాం" లో నమ్మకం కనిపించలేదు నాకు.

చిన్నోడు_99
ఆవిడ మాత్రం వచ్చే ఏడు కాయలు కొనే ముందు మీ కామెంట్ల పెట్టె చదువుతుంది, రాసిపెట్టుకోండి

సిద్దిపేట_శీను
పాత రేడియో అన్నా, ఒకటి చెప్పు. నా బైక్ రిపేర్ ఛానల్‌ల Blocked words లో బూతులన్నీ తెలుగుల పెట్టిన. అయినా వస్తున్నయ్.

పాత_రేడియో
మనోళ్లలో తిట్టేవాళ్లు ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాల్లో తిడతారు తమ్మీ. ఒక్క "పనికిమాలిన" కే మా జాబితాలో ఇన్ని ఉన్నాయి:

```
panikimalina, panikimaalina, panikmalina, pani kimalina
```

తెలుగు లిపిలో కూడా మాట ఒక్కటే పెడితే చాలట్లేదు మాకు. "దున్నపోతు" పెడితే "దున్నపోతులా", "దున్నపోతువి" దాటిపోయాయి. తోక మార్చి మార్చి పెట్టాం. కొత్త మాట తగిలినప్పుడల్లా కాపీ చేసి అందులో వేయడమే. జాగ్రత్త, మా దగ్గర "ఎద్దు" పెట్టాం ఓసారి. వ్యవసాయ ఛానల్! ఎద్దుల గురించి అడిగినవాళ్లంతా రివ్యూలో ఇరుక్కుపోయారు.

చిన్నోడు_99
ఎద్దు 😂😂 బ్లాక్ చేసిన మహానుభావుడు ఎవరో చెప్పాలి

పాత_రేడియో
నేనే.

గోదారి_గిన్నె
రోజూ ఎంతసేపు కూర్చుంటారు మీరు?

పాత_రేడియో
ఫోన్‌లో కామెంట్ నోటిఫికేషన్లు ఆపేశాను. పొద్దున టీ తాగాక అరగంట. స్టూడియోలో ప్రశ్నలున్నవీ నేను జవాబివ్వనివీ విడిగా చూపించే ఫిల్టర్లు ఉన్నాయి, వాటితో మొదలుపెడతాను. ప్రశ్నకి జవాబు, మెచ్చుకుంటే హార్ట్, ఫిర్యాదుకి ఒక ఎదురు ప్రశ్న. ఎవరితోనైనా రెండోసారి రాసేది కొత్త సంగతి ఉంటేనే. రాత్రి ఎనిమిది దాటితే తెరవను. తెరిచిన రోజున మా ఆవిడని అడగండి ఎలా ఉంటానో.

మీ చెల్లెలో మరదలో ఉంటే మోడరేటర్‌గా పెట్టండి. వాళ్లు ఆపినవి రివ్యూలోకి వెళ్తాయి, ఉంచాలో తీయాలో చివరికి మీరే చెప్పొచ్చు. మొదటి దెబ్బ మాత్రం మీ కంట్లో పడదు.

అటక_మీద_పిల్లి
అంటే చెల్లెలి నిద్ర చెడగొట్టాలి.

మౌనిక_టీచర్
పిల్లి గారి మాటలో నిజముంది. మా తమ్ముణ్ని పెట్టాను. వాడు నాకంటే ఎక్కువ కోపంతో అందరినీ హైడ్ చేసేశాడు, అందులో మా హెడ్మాస్టారు కూడా ఉన్నారు.

గోదారి_గిన్నె
మా చెల్లిని అడిగాను, డబ్బులిస్తే చేస్తానంది. ఆలోచిస్తున్నాను.

ఇంకొకటి తేలలేదు. ఒక పెద్దాయన మూడేళ్లుగా ప్రతి వీడియో కింద "అమ్మాయీ, మా కోనసీమలో ఇలా చేయం" అని మొదలుపెడతారు. బూతు ఉండదు, మెచ్చుకోలూ ఉండదు. మొన్న ఆవకాయ కింద గళ్లుప్పు వాళ్లకి నాకంటే ముందే ఆయనే జవాబిచ్చారు, దంచి ఎండబెట్టమని. అది చదివి థాంక్యూ చెప్పాలనిపించి "బాబాయ్ గారూ, ప్రశ్నలకి మీరూ జవాబిస్తుంటారా" అని అడిగాను.

చిన్నోడు_99
ఏమన్నారు

గోదారి_గిన్నె
"ఇస్తాను గానీ, ముందు ఆ వెల్లుల్లి సంగతి తేల్చు" అన్నారు.

డల్లాస్_పిన్ని
వెల్లుల్లి వేయకూడదమ్మా ఆవకాయలో. ఆయన చెప్పింది నిజమే.

సిద్దిపేట_శీను
ఎల్లిగడ్డ లేకుంటే అది తొక్కే కాదు పిన్నీ

అటక_మీద_పిల్లి
ఇదిగో మొదలైంది. ఈ చర్చ కూడా మూసేయండి.